బొటనవేలి కింది ప్రశ్న

మా పేపరు మీద రెండో రివ్యూయర్ అడిగిన ప్రశ్నల్లో ఒకటి నేను రాశాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీలో "టేబుల్ అయింది. తలనొప్పి" అని మాత్రమే ఉంది.

నేను కడపలో పరిశోధన చేస్తున్నాను. డోన్ చుట్టుపక్కల ఊళ్ళలోనూ, వేంపల్లె వైపు కొన్ని ఊళ్ళలోనూ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో కొలవడం నా పని. ఆ కొలతలతో ఒక పేపరు రాసి పత్రికకు పంపాం. థీసిస్ ఇవ్వాలంటే దానికి ముందు ఒక పేపరైనా అచ్చుకు ఒప్పుకుని ఉండాలి. నాకిచ్చిన గడువు ఆ ఏడాదితో అయిపోతుంది. కాబట్టి పత్రిక వాళ్ళు మా పేపరు చదివించిన రివ్యూయర్ల అభిప్రాయాలు వచ్చాయని తెలిసినప్పుడు సంతోషం కంటే ముందు ఆ గడువే గుర్తొచ్చింది. పేపరును తిప్పికొట్టలేదు, సవరించి పంపమన్నారు. అది మంచి వార్తే. కానీ అది మా సార్ చేతుల మీదుగా రావాలి.

మా గైడు సార్‌కి తెర మీద చదవడం ఇష్టముండదు. మెయిలు ప్రింటు తీయించుకుని కర్నూలులో తన ఇంటికి తీసుకెళ్తారు. ఆదివారం టిఫిను తింటూ చదువుతారు. ప్రతి అభిప్రాయం పక్కనా ఆకుపచ్చ సిరాతో ఏదో ఒకటి రాస్తారు. "అవును", "చేర్చు", "వీడికేం తెలుసు", ఎక్కువగా "అయింది". అప్పటికి ఎవరూ ఏ పనీ మొదలుపెట్టి ఉండరు, అయినా "అయింది" అనే రాస్తారు. తర్వాత ఆ కాగితాలకు ఫోనుతో ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపుతారు. అసలు మెయిలు మాకు పంపరు. నాకంటే ముందు చేరిన ఒకతను ఓసారి అడిగాడట. "ఏం, నా మీద నమ్మకం లేదా?" అన్నారట. ఆ తర్వాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఎదురుగా నిలబడినప్పుడు ఆయన చెప్పులు తప్ప మొహం చూడలేని నేను అసలే ఎత్తను.

ఆ ఆదివారం పన్నెండు ఫొటోలు వచ్చాయి. వరస లేదు. మూడు పక్కకు తిరిగి ఉన్నాయి. ఒకదాని మీద చట్నీ చుక్క. ఒకదాంట్లో కాగితం కంటే వెనకనున్న టీవీ బాగా కనబడుతోంది. ఏడో ఫొటోలో కాగితం పట్టుకున్న ఆయన కుడిచేతి బొటనవేలు.

సోమవారం పొద్దున ల్యాబులో ఆ ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. నా పక్క బల్ల దగ్గర వేంపల్లె అక్క ఉంటుంది. నాకంటే రెండేళ్ళు ముందు చేరింది. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, కోపం వస్తే రెండూ.

"ఏందే, పచ్చరాతలొచ్చినాయా?" అంది.

"పన్నెండు ఫొటోలక్కా."

"నీకే నయం. నాకు పోయినేడు పదిహేడు పంపినాడు. అందులో రెండు మనవరాలి పుట్టినరోజువి. కేకుకు కూడా జవాబు రాయల్లేమో అనుకున్యా."

నవ్వాను. ఆ వారంలో నవ్వింది అప్పుడే.

మొదట వరస పెట్టాను. కొన్ని పేజీల అడుగున అంకెలు ఉన్నాయి. తెగిపోయిన చోట, ఒక ఫొటోలో సగంలో ఆగిన వాక్యం ఏ ఫొటోలో మొదలవుతుందో చూసి కలిపాను. ఫొటోలోంచి అక్షరాలు తీసే సదుపాయం ఫోనులో ఉంది కానీ దాన్ని నమ్మలేకపోయాను. లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అన్నచోట లీటరు గుర్తును అది ఒకటి అంకెగా చదివింది. ఆకుపచ్చ రాతను రివ్యూయర్ మాటల మధ్యలో కలిపేసింది. అందుకే అన్నీ చేత్తోనే టైపు చేశాను.

రివ్యూయర్లకు పంపే జవాబుల టేబుల్ కోసం ఐదు నిలువు గడులు గీశాను. వరస సంఖ్య, రివ్యూయర్ మాట ఉన్నదున్నట్టు, మా జవాబు, పేపరులో చేయబోయే మార్పు, అది ఏ పేజీలో ఏ వరుసలో వస్తుందో. మొదటి రివ్యూయర్‌వి ఆరు, రెండో ఆయనవి తొమ్మిది. ఒకే పేరాలో మూడు ప్రశ్నలు కలిసి ఉంటే మూడుగా విడగొట్టాను. అలా చెయ్యకపోతే ఒకదానికి జవాబిచ్చి రెండు మరిచిపోతాం. బోర్లు ఎక్కడున్నాయో చూపించే పటంలో కొలబద్ద లేదన్నారు, వేస్తామని రాశాను. ఏ నెలలో నీళ్ళు పట్టారన్నారు, నా నోటు పుస్తకం తీసి రాశాను. ఉపోద్ఘాతం తగ్గించమని మొదటి ఆయన, దానికే ఒక పేరా కలపమని రెండో ఆయన. పాతవి రెండు పేరాలు తీసేసి కొత్తది ఒకటి పెడతామని ఇద్దరికీ ఒకే మార్పు చూపించాను. ఈ పని నాకు నచ్చింది. ఎదుటివాళ్ళు అడిగింది విని, చేయగలిగింది చెప్పి, చేయలేనిది ఎందుకో చెప్పడం. నోటితో నాకు చేతగానిది ఆ గడుల్లో చేతనయింది.

నచ్చనిది ఆ వేలు. రెండో రివ్యూయర్ నాలుగో అభిప్రాయం మీద అది అడ్డంగా పడి ఉంది. ఏమైనా కనిపిస్తుందేమోనని పెద్దది చేసి చూశాను. అక్షరాలకు బదులు గోరు పెద్దదయింది. గోరు మధ్యలో పగులు, అంచున వక్కపొడి ఎరుపు, చర్మం మీద గీతలు. ఆయన నిజంగా ఎదురుగా ఉన్నప్పుడు నేనెప్పుడూ అంత దగ్గరగా చూడలేదు. ఫోను కింద పెట్టి చేతులు కడుక్కుని వచ్చాను. మళ్ళీ చూశాను. ప్రశ్న కనబడలేదు కానీ పక్కన ఆకుపచ్చ జవాబు చక్కగా కనబడుతోంది. "మూడుసార్లు కొలిచాం. అయింది."

అక్కకు చూపించాను.

"కనపడంది కనపడలేదని రాయి. ఆ గడికి పసుపు రంగు కొట్టి ఇడ్సిపెట్టు," అంది. "నీ మనసులోంచి తీసి రాయాకు. ఉన్నదున్నట్టు రాసే గడి అది."

అలాగే చేశాను. ఆ గడి పసుపు చేసి "ఫొటోలో కనబడడం లేదు" అని రాసి, టేబుల్ సార్‌కి పంపాను. సాయంత్రం ఫోను చేశారు.

"ఏమ్మా, టేబుల్ శానా బాగుండాది. మధ్యలో ఆ పసుపు ఏంది?"

"వేలు అడ్డమొచ్చింది సార్. ప్రశ్న కనబడలేదు. ఇంకోసారి ఫొటో..."

"జవాబు రాసిచ్చినా కదమ్మా? జవాబున్నప్పుడు ప్రశ్న ఏముంటాదో తెలీదా? చదువుకున్న పిల్లవి. ఆ గడి నింపి పంపు, రేపు పత్రిక సైటులో పైకెక్కిస్తా."

నింపాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పక్కనున్న ఎనిమిది అభిప్రాయాలు టైపు చేసి చేసి ఆ రివ్యూయర్ ఇంగ్లీషు నా చేతికి వచ్చేసింది. మర్యాదగా, కొంచెం చిరాగ్గా, చివర్లో "దయచేసి" పెట్టి రాస్తాడు. ప్రతి నీటి నమూనానూ ఎన్నిసార్లు కొలిచారో తెలపండి, దయచేసి. రాశాక చదువుకుంటే అచ్చం ఆయన రాసినట్టే ఉంది. క్షణం పాటు గర్వం కలిగింది. హాస్టల్లో దుప్పటి కప్పుకుని నవలలు చదివేదాన్ని, ఒకరి గొంతు పట్టుకోవడం చేతనయిందని మురిసిపోయాను. ఆ మురిపెం తలచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదుగా ఉంటుంది.

అంతకంటే చేదైనది ఇంకోటి ఉంది. గోరుకు ఎడమ పక్క "తొమ్మిది బోర్లు" అన్న ముక్క, కుడి పక్క "దాచకుండా" అన్న ముక్క మిగిలే ఉన్నాయి. రెండూ నేను చూశాను. తొమ్మిది అన్న అంకె చూడగానే ప్రశ్న ఏమిటో నాకు తెలిసిపోయింది.

డోన్ దగ్గర తొమ్మిది బోర్ల నీళ్ళు నేను ఒక్కసారే కొలిచాను. మిగతావన్నీ మూడేసిసార్లు కొలిచి సగటూ, పక్కన ఎంత తేడా వచ్చిందో చూపించే ప్లస్ మైనస్ అంకె కూడా వేశాను. ఆ తొమ్మిది సీసాలు ఆఖర్న మిగిలాయి. ఆ సాయంత్రం యంత్రాన్ని ఇంకొకరికి ఇవ్వాల్సి వచ్చింది. "ఒక తూరి చాల్లే, నీళ్ళేం మారతాయి," అన్నారు సార్. సీసాలు నా చేతులతోనే పారబోసి కడిగాను. పేపరులో ఆ తొమ్మిది వరుసల్లో ప్లస్ మైనస్ ఉన్నచోట ఖాళీ వదిలాను. అబద్ధం రాయలేదు కదా అనుకున్నాను. ఇప్పుడు అదీ రాశాను, దానికి తగిన ప్రశ్న కూడా నేనే రాసుకున్నాను.

మర్నాడు పైకెక్కించారు. మూడు వారాలు గడిచాయి. ఆ మూడు వారాలూ యంత్రం ముందు కూర్చుంటే, నమూనాలో ముంచే ఎలక్ట్రోడ్ కడిగిన నీళ్ళు కూడా ఆకుపచ్చగా అనిపించేవి.

ఒకరోజు మధ్యాహ్నం సార్ తన గదికి పిలిపించారు. బల్ల మీద కొత్త ప్రింటు ఉంది. ఈసారి ఫొటో తీయలేదు.

"చదువు," అన్నారు.

రెండో రివ్యూయర్ మూడు వాక్యాలే రాశాడు. "టేబుల్లో నాలుగోది నేను అడిగిన ప్రశ్న కాదు, ఎవరు రాశారో నాకు తెలియదు. నేను అడిగింది మళ్ళీ కింద ఇస్తున్నాను. దానికి జవాబు కావాలి."

కింద అది ఉంది. వేలు లేకుండా చదివాను. "డోన్ దగ్గరి తొమ్మిది బోర్లకు తేడా అంకె లేదు. ఒక్కసారే కొలిచి ఉంటే దాచకుండా ఆ మాటే రాసి, అది మీ పనికున్న పరిమితి అని ఒప్పుకోండి. వీలైతే మళ్ళీ కొలవండి. ఇందుకోసం పేపరును తిప్పికొట్టమని నేను చెప్పను."

అంతే. నిజం చెప్పి బయటపడే దారి ఆ వేలి కిందే ఉంది. మొదటి ప్రింటు కూడా ఆ బల్ల మీదే ఉంది. దాని మీద ఆ పేరా కింద ఆకుపచ్చ గీత, పక్కన "మూడుసార్లు". ఆయన పూర్తిగా చదివే రాశారు. వేలు కావాలని పెట్టారో, కాగితం గాలికి ఎగరకుండా పట్టుకున్నారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎలా పెట్టినా ఆ అసహ్యంలో తేడా లేదు.

"ఎంత అప్రదిష్ట, చూడు," అన్నారు. "ఆయన రాయంది రాసినామంట. ఎవురు రాసినారమ్మా?"

"మీరే నింపమన్నారు సార్."

"నింపమన్యా. సొంతంగా రాయమన్యానా? ఫొటో అడిగుంటే ఇంకోటి పంపేవాణ్ణి కాదా?"

అడిగాను. ఆ రోజు ఫోనులో ఆయనే మధ్యలో ఆపారు. తల దించుకున్నాను. కింద చెప్పులు కనబడుతున్నాయి, ఒక దాని పట్టీ తెగి దారంతో కుట్టి ఉంది.

"ఇప్పుడేం చేద్దామంటావు? మిగతావాటికి ప్లస్ మైనస్ ఎంతొచ్చిందో చూడు. దానికి దగ్గరదగ్గరగా ఒకటి వేసెయ్. తొమ్మిదే కదా."

ఆ మాట ఎంత మామూలుగా అన్నారంటే, టీలో చక్కెర వెయ్యమన్నట్టుంది. అప్పుడు తలెత్తాను. మొదటిసారి ఆయన మొహం సరిగ్గా చూశాను. మామూలు మొహమే. కళ్ళజోడు, మీసం, ఆకలిగా ఉన్న మధ్యాహ్నపు మొహం.

"ఒక్కసారే కొలిచాం సార్. మీకు తెలుసు."

"నాకేం తెలుసమ్మా? ల్యాబులో ఉండేది నువ్వు."

"నేను డోన్ పోయి నీళ్ళు పట్టుకొస్తాను సార్. ఈసారి మూడుసార్లు కొలుస్తాను. పాతవి ఒక్కసారి కొలిచినవని టేబుల్లో రాస్తాను."

ఆకుపచ్చ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు.

"పో. పత్రికోళ్ళకు గడువు పెంచమని రాస్తాలే. ఎండకు పడిపోతే మాత్రం నా పేరు చెప్పాకు."

బయటికొచ్చి అక్కకు చెప్పాను. ప్రశ్న నేను రాసిన సంగతి మాత్రం చెప్పలేదు, వేలు అడ్డమొచ్చి తప్పు జరిగిందన్నాను. ఆమె నమ్మిందో లేదో. "యంత్రం మూడు దినాలు నా పేరు మీద రాయించి పెడ్తా. నీళ్ళు తే, పో," అంది. ప్లాస్టిక్ సీసాల సంచి తనే దించి ఇచ్చింది.

డోన్‌లో బస్సు దిగి ఆటోల మీదా, కాలినడకా రెండు రోజులు తిరిగాను. ప్రతి చోటా బోరు కొంతసేపు ఆడించి, పైపులో నిలిచిన నీళ్ళు పోయాక, సీసాను ఆ నీళ్ళతోనే రెండుసార్లు కడిగి, నిండా పట్టి, ఊరూ తేదీ రాసి అంటించాను. ఏడో బోరు ఊరి చివర ఒక అవ్వ ఇంటి ముందుంది. పోయినేడు కూడా ఆమే కొట్టి ఇచ్చింది.

"మళ్ళా వచ్చినావేందే పాపా? పోయినసారి నీళ్ళు పట్టుకపోయినావు, ఏమీ చెప్పకపోతివి."

"మళ్ళీ కొలవాలవ్వా."

"ఏంటికి? పోయినసారి కొలతబద్ద యాడన్నా పారేసుకున్యావా?"

పక్కనున్న ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను, రాలేదు. ఆమె కొడుకు ఫోను నంబరు అడిగి సీసా మీదే రాసుకున్నాను. "ఈసారి ఫోను చేస్తానవ్వా" అన్నాను.

ల్యాబులో ఒక్కో నీళ్ళనూ మూడుసార్లు కొలిచాను. ముందు ప్రమాణ ద్రావణాలతో యంత్రాన్ని సరిచూడడం, నీళ్ళలో బఫరు ద్రావణం కలపడం, అంకె కదలకుండా నిలిచేదాకా ఆగడం, మధ్యమధ్య ఎలక్ట్రోడ్ కడగడం. అక్క పక్కన కూర్చుని అంకెలు రాసింది. ఎనిమిది బోర్లు పాత అంకెలకు దగ్గరగానే వచ్చాయి. అవ్వ ఇంటి ముందరి ఏడో బోరు మాత్రం అలా రాలేదు. పోయినేడు తాగొచ్చన్న హద్దుకు లోపల చూపించింది, ఇప్పుడు మూడుసార్లూ హద్దు దాటింది. మధ్యలో ఏడాది గడిచింది, నీళ్ళు మారి ఉండవచ్చు. లేదా ఆ సాయంత్రం హడావిడిలో నా ఒక్క కొలతే తప్పయి ఉండవచ్చు. ఏదన్నది ఇప్పుడు తేల్చే దారి లేదు, సీసా నేనే పారబోశాను. సార్ చెప్పినట్టు దాని పక్కన ఒక ప్లస్ మైనస్ వేసి ఉంటే ఆ తప్పుకే ముద్ర వేసినట్టయ్యేది.

కొత్త టేబుల్లో నాలుగో వరుస అన్నిటికంటే పొడుగ్గా వచ్చింది. రివ్యూయర్ మాట ఉన్నదున్నట్టు. జవాబులో, పోయినసారి ఆ గడిలో ఉన్నది మీ ప్రశ్న కాదు, పొరపాటు మాదే, ఆ తొమ్మిదీ ఒక్కసారే కొలిచాం, మూడుసార్లన్న మాట తప్పు. మార్పుల గడిలో, కొత్త కొలతలు పాతవాటితో కలపకుండా వేరే నిలువు వరుసలో వేరే తేదీతో ఇస్తాం, ఏడో బోరు తేడా గురించి ఒక పేరా కలుపుతాం. ఆ "మాదే" అన్న మాట నా గురించే. ఎవరికీ చెప్పకుండా చెప్పగలిగింది అంతవరకే.

సార్ ప్రింటు చదివి, నాలుగో వరుస పక్కన ఆకుపచ్చ సిరాతో "అయింది" అని రాశారు. ఆయన రాసిన వాటిలో నిజంగా అయిన పని పక్కన ఆ మాట పడడం నేను చూసింది అదే. అయినా సంతోషం కలగలేదు. పైకెక్కించేదాకా వెళ్ళకుండా ఆ గదిలోనే నిలబడ్డాను. పేపరు ఇంకా పత్రిక వాళ్ళ దగ్గరే ఉంది. నా థీసిస్ గడువు పెంచమని అర్జీ పెట్టాను, దానికీ జవాబు రాలేదు.

కొత్త టేబుల్ పైకెక్కించిన సాయంత్రమే సీసా మీది నంబరుకు ఫోను చేశాను. కొడుకు తీసి అవ్వకిచ్చాడు. వాళ్ళ ఇంటి ముందు బోరు నీళ్ళు తాగడానికీ వంటకూ వాడొద్దని, కాగబెట్టినా ఫ్లోరైడ్ పోదని, ఆ తొమ్మిదింటిలో ఒకటైన బడి దగ్గరి బోరు కూడా మూడుసార్లు కొలిచానని, అది హద్దు లోపలే ఉందని చెప్పాను. ఎంతో చెప్పాలనుకున్నాను, అంతే చెప్పగలిగాను.

"పోయినేడు కూడా ఇట్లే ఉండెనా?" అంది.

"పోయినేడు ఒక్కసారే కొలిచానవ్వా. తక్కువ చూపించింది. అది సరిగ్గా కొలిచిందో లేదో నాకు తెలియదు."

ఆమె తిడుతుందని ఎదురుచూశాను. అవతల ఎవరో బిందె జరిపిన చప్పుడు వినబడింది.

"సరే పాపా, పెట్టేయ్. పొద్దు కుంకకముందే బడికాడికి పోయి నీళ్ళు తెచ్చుకోవల్ల."